ఫెయిల్‌కి ఫుల్‌ఫామ్ అక్కర్లేదు

మా పిన్ని కొడుకు గుడివాడలో ఇంటర్ చదివేటప్పటి సంగతి. రిజల్ట్స్ వచ్చిన రోజు నేను హైదరాబాద్‌లో, ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉన్నాను. పిన్ని ఫోన్ చేసి, "మీ తమ్ముడిది మళ్లీ మ్యాథ్స్ పోయిందిరా. పొద్దుట్నుంచీ అన్నం తినలేదు. నువ్వొకసారి ధైర్యం చెప్పరా" అంది. సరే పిన్నీ అన్నాను. మాట్లాడే టైమ్ లేదు. కానీ ధైర్యం చెప్పాలి కదా! ఫోన్‌లో వెతికితే సూర్యోదయం బొమ్మ మీద పెద్ద అక్షరాలతో ఒక ఇమేజ్ దొరికింది.

FAIL = First Attempt In Learning

అబ్దుల్ కలాం గారి ఫొటో వేసి మరీ తిరుగుతుంటుంది కదా, అదే. వాడికి పంపించాను. భలేది దొరికిందని ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను. బాబాయ్ ఒక దండం, మా అత్త రెండు పువ్వులు పెట్టారు. నా డ్యూటీ అయిపోయింది అనుకున్నాను.

సాయంత్రం ఆరింటికి వాడి నుంచి రిప్లై వచ్చింది.

"అన్నయ్యా, నాది థర్డ్ అటెంప్ట్."

అంతే. స్మైలీ లేదు, ఇంకో మాట లేదు. తర్వాత ఫోన్ స్విచాఫ్.

మార్చిలో ఒకసారి, సప్లిమెంటరీలో ఒకసారి, తర్వాతి మార్చిలో ఇంకోసారి. పిన్ని ఫోన్‌లో "మళ్లీ" అని చెప్పింది కూడా. నేనే వినలేదు. నా చెవిలో "పోయింది" అనే మాట ఒక్కటే పడింది, దానికి తగ్గ ఇమేజ్ వెతుక్కున్నాను.

ఆ రోజు నుంచి ఇలాంటి కొటేషన్లు కనిపిస్తే లైక్ కొట్టే ముందు ఒకసారి విప్పి చూడటం అలవాటైంది. మాటలతో ఆడుకోవడం తప్పని నేననను. మాది దివిసీమ, మాటకి మాట అంటించకుండా మా వాళ్లకి కాఫీ కూడా దిగదు. కానీ ఒక మాటలో చమత్కారం ఎప్పుడు బలం అవుతుంది, ఎప్పుడు అదే మాటని మింగేస్తుంది? ఈ వారం ఆ లెక్క చూద్దాం.

ముందు నేను పంపిందే విప్పుదాం

FAIL అనే మాటకి ఆ నాలుగు అక్షరాల విస్తరణ ఎవరో తర్వాత కూర్చుకున్నది. మాట ముందు పుట్టింది, ఫుల్‌ఫామ్ వెనక నుంచి వచ్చి అతుక్కుంది. అందులో తప్పేం లేదు. అసలు ఇబ్బంది ఎక్కడంటే, మొదటి అక్షరం F. F కావాలి కాబట్టి First అనే మాట వచ్చింది. చెప్పదలుచుకున్న విషయానికి "మొదటి" అనే మాట అవసరం లేదు. "ఫెయిలవడం నేర్చుకోవడంలో భాగం" అంటే సరిపోతుంది. కానీ అలా అంటే అక్షరాలు కలవవు. అక్షరాలు కలపడం కోసం చమత్కారం ఒక షరతు పెట్టింది: ఇది నీ మొదటిసారి అయితేనే ఈ ఓదార్పు నీకు.

ఇప్పుడు ఆలోచించండి. మొదటిసారి ఫెయిలైనవాడికి ఓదార్పు పెద్దగా అక్కర్లేదు. వాడికి సప్లిమెంటరీ ఉంది, ఇంట్లోవాళ్లు కూడా "పోన్లే" అంటారు. అవసరమంతా రెండోసారి, మూడోసారి పోయినవాడికే. సరిగ్గా వాడినే ఆ వాక్యం బయట నిలబెట్టింది. మా వాడు తెలివైనవాడు కాబట్టి ఒక్క లైన్లో పట్టేశాడు. నేను ఇంజనీరింగ్ చదివి, రోజూ కోడ్‌లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తూ కూడా ఈ ఒక్క కండిషన్ చూసుకోలేదు.

చమత్కారం మాటని పాడుచేసే పద్ధతుల్లో ఇది మొదటిది. అక్షరాల కోసం ఒక మాట వచ్చి చేరుతుంది, ఆ మాట అర్థాన్ని మార్చేస్తుంది, రాసినవాడు గమనించడు. ఎందుకంటే వాడు అక్షరాలు కలిశాయన్న ఆనందంలో ఉంటాడు.

చెవికి వినపడని చమత్కారం

దీనికి అన్నలాంటిది ఇంకోటుంది. IMPOSSIBLE అనే మాటని మధ్యలో విరగ్గొట్టి I'M POSSIBLE అని చదవమంటారు. మనవాళ్ల అలంకారశాస్త్రంలో దీనికి పేరుంది: సభంగ శ్లేష. మాటని ఒక చోట విరిచి చదివితే ఒక అర్థం, విరవకుండా చదివితే ఇంకో అర్థం. విరవాల్సిన పని లేకుండా ఒకే మాటకి రెండర్థాలు వస్తే అభంగ శ్లేష. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తాయి.

ఈ ఇంగ్లిష్ సభంగ శ్లేషని ఒకసారి మా అమ్మకి ఫోన్‌లో చెప్పి చూశాను. "ఇంపాజిబుల్ అంటే ఐయామ్ పాజిబుల్ అమ్మా" అన్నాను. "రెండూ ఒకలా లేవు కదరా" అంది. నిజమే, లేవు. ఒకటి "ఇం", ఒకటి "ఐయామ్". ఈ ఆట కంటికే తప్ప చెవికి కాదు. ఇంగ్లిష్‌లో రాసేదొకటి, పలికేదొకటి కాబట్టి ఇది కుదిరింది. తెలుగులో దాదాపు రాసినట్టే పలుకుతాం కాబట్టి మన శ్లేష చెవికి కూడా అందాలి.

"పోనీ, దానికి అర్థం ఏంటి?" అని అడిగింది అమ్మ. తెలుగులో చెప్పబోయి ఆగిపోయాను. "నేను సాధ్యం." ఇదేం వాక్యం? "నేను చేయగలను" అంటే అర్థం ఉంది, "ఇది సాధ్యమే" అన్నా ఉంది. "నేను సాధ్యం" అంటే ఏం చేయాలి? అమ్మ ఇంకేం అడగలేదు. "సాధ్యమైతే శనివారం ఇంటికి రా, చేపల పులుసు పెడతా" అంది. ఆ వాక్యంలో మాత్రం పనీ ఉంది, రోజూ ఉంది.

ఒక మాట నిలబడుతుందో లేదో చూడటానికి ఇది తేలికైన పరీక్ష. ఆ ఆటని విప్పేసి, అదే విషయాన్ని మామూలు మాటల్లో చెప్పండి. మిగిలిన వాక్యం చేతికి ఒక పని చెబుతుందా? చెబితే ఆట దానికి అలంకారం. ఏమీ మిగలకపోతే ఆటే అంతా, లోపల సరుకు లేదు.

సాధనలో ధనం

బందరు వెళ్లినప్పుడు కోనేరు సెంటర్ దగ్గర్లో ఒక కోచింగ్ సెంటర్ గోడ మీద పెద్ద అక్షరాలు చూశాను. పేరు చెప్పను. "సాధనలోనే ధనం ఉంది" అని రాసి, "ధన" అనే రెండక్షరాలకి ఎర్ర రంగు వేశారు. చెవికి బావుంది. తెలుగు మాటే, ఇంగ్లిష్ స్పెల్లింగ్ మీద ఆధారపడలేదు. ఆట విప్పినా ఒక వాక్యం మిగులుతుంది: ప్రాక్టీస్ చేస్తే డబ్బు వస్తుంది. అంటే ఇందాకటి పరీక్షలో పాసైనట్టే.

అయినా ఎక్కడో తేడా కొట్టింది. బస్సులో కూర్చున్నాక అర్థమైంది. ఆ గోడ పక్కన కూర్చుని లెక్కలు చేసే కుర్రాడికి చెప్పాల్సింది "రోజూ చెయ్యి" అని. మొదటి అర్థం అదే చెబుతుంది. కానీ ఎర్ర రంగు ఉన్నది "ధనం" మీద. కన్ను అక్కడికే పోతుంది, మనసూ అక్కడికే. కుర్రాడు సాధన సంగతి మర్చిపోయి, జీతం గురించి, అప్పు గురించి, నాన్న కట్టిన ఫీజు గురించి ఆలోచిస్తాడు. రెండో అర్థం మొదటి అర్థాన్ని మోయాలి. ఇక్కడ రెండోది మొదటిదాన్ని తోసేసి ముందుకొచ్చింది.

చమత్కారం పాడుచేసే రెండో పద్ధతి ఇది. రెండు అర్థాలూ నిజమే కావచ్చు, కానీ రెండూ రెండు వైపులకి లాగుతాయి. విన్నవాడికి గుర్తుండేది ఎప్పుడూ ఆశ్చర్యపరిచిన అర్థమే. కాబట్టి ఆశ్చర్యం ఎక్కడుందో అక్కడే మీ అసలు విషయం ఉండాలి.

కుదిరిన చోట ఎలా కుదిరింది?

మరి కుదిరిన ఆట ఎలా ఉంటుంది? దానికోసం దూరం వెళ్లక్కర్లేదు. మోపిదేవి పక్కన పెదకళ్లేపల్లి ఉంది. వేటూరి సుందరరామమూర్తి గారు 1936లో పుట్టింది అక్కడే. గుడివాడకి దగ్గర్లో నిమ్మకూరు ఉంది, ఎన్టీఆర్ గారి ఊరు. ఒకరు రాసి ఇంకొకరు తెర మీద నటించిన పాట ఒకటి 1977లో 'అడవి రాముడు'లో వచ్చింది. కృషి, మనిషి, ఋషి అనే మాటలని ఒకదానికొకటి కట్టిన పాట. దాని మొదటి లైను మీకు నేను చెప్పక్కర్లేదు, చదువుతుండగానే మీ నోట్లోకి వచ్చేసి ఉంటుంది. స్కూలు గోడల మీద చూశాం, ఫేర్‌వెల్ స్పీచుల్లో విన్నాం. దాదాపు యాభై ఏళ్లు దాటుతున్నా అరగలేదు.

ఎందుకు అరగలేదు? మాటలు విప్పి చూడండి. "కృ" అంటే క్ కింద ఋ. అంటే "కృషి"లో నుంచి "క్" తీసేస్తే మిగిలేది "ఋషి". అతికించింది కాదు, లోపలే ఉంది. రాసినా కనబడుతుంది, పలికినా వినబడుతుంది. మా అమ్మకి ఫోన్‌లో చెప్పినా అందుతుంది.

ఇక అర్థం చూడండి. ఋషి అనేవాడు పుట్టుకతో ఋషి కాడు, తపస్సు చేసి అవుతాడు. బోయవాడు వాల్మీకి అయిన కథ మన ఇళ్లల్లో పిల్లలందరికీ తెలుసు. కాబట్టి "కష్టపడితే పైకొస్తావు" అనే మొదటి అర్థాన్ని "ఋషి" అనే మాట మోస్తుంది, పక్కకి లాగదు. ఆశ్చర్యం ఉన్నదీ అక్కడే, విషయం ఉన్నదీ అక్కడే. ఆట విప్పి మామూలుగా చెప్పినా "కష్టపడితే మామూలు మనిషి కూడా గొప్పవాడవుతాడు" అనే నిండు వాక్యం మిగులుతుంది.

మా వైపువాళ్లకి ఇంకో అర్థం కూడా తగులుతుంది. సంస్కృతంలో కృషి అంటే అసలు అర్థం దున్నడం, వ్యవసాయం. ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఆ బోర్డు మీద కృషి అంటే ప్రయత్నం కాదు, సేద్యం. ఊడ్పులు చేసి, కోతకి ముందు మినుము చల్లి, మళ్లీ కాలవలో నీళ్ల కోసం ఎదురుచూసే మనిషికి ఆ మాటలో తన పనే వినిపిస్తుంది.

కానీ ఆ మాటకీ ఒక హద్దుంది. దివిసీమ చివరి ఊళ్లని అడగండి, శివారు భూములంటే ఏంటో చెబుతారు. కాలవ చివర ఉన్న పొలాలు. పైనున్నవాళ్లందరికీ పారాక మిగిలితేనే నీళ్లు. ఒక్కోసారి సముద్రం వైపు నుంచి ఉప్పు పైకొస్తుంది. అక్కడ ఎంత దున్నినా నీళ్లు రాకపోతే పంట రాదు. ఆ రైతు దగ్గరకెళ్లి కృషి గురించి చమత్కారంగా చెబితే, "నీళ్లు తెప్పించి అప్పుడు చెప్పు" అంటాడు. అది ఆ మాటలో తప్పు కాదు, దాన్ని చెప్పిన చోటులో తప్పు.

ఇంకా పెద్ద హద్దు ఆ ఏడాదే వచ్చింది. ఏప్రిల్‌లో ఆ సినిమా విడుదలైంది. నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. అధికారిక లెక్కల్లోనే సుమారు 10 వేల మంది పోయారు. ఆ రోజుల గురించి మా నాయనమ్మ ఎప్పుడు చెప్పినా, ఎవరో అన్న గొప్ప మాట గురించి చెప్పలేదు. గంజి ఎక్కడ పోస్తున్నారో, తాటాకులు ఎక్కడ దొరుకుతాయో వచ్చి చెప్పినవాళ్ల గురించే చెప్పేది. యాభై ఏళ్లు నిలబడ్డ మాటకి కూడా నోరు మూసుకోవాల్సిన రోజులుంటాయి.

ప్రాస కలిస్తే నిజమేనా?

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మాటలు కలిసినప్పుడు మనకి నచ్చడమే కాదు, అవి నిజమని కూడా అనిపిస్తాయి. 2000లో మెక్‌గ్లోన్, తొఫీగ్‌బక్ష్ అనే ఇద్దరు 'సైకలాజికల్ సైన్స్' పత్రికలో దీని మీద ఒక పేపర్ వేశారు. పెద్దగా ఎవరికీ తెలియని ఇంగ్లిష్ సామెతల్లో ప్రాస ఉన్నవి తీసుకున్నారు. వాటినే ప్రాస పోయేలా ఒక మాట మార్చి ఇంకో జత తయారుచేశారు. అర్థం ఒకటే. "ఇది మనుషుల విషయంలో ఎంతవరకు నిజం?" అని అడిగితే, ప్రాస ఉన్నవాటికి ఎక్కువ మార్కులు పడ్డాయి. తర్వాత "చెప్పిన తీరు పక్కన పెట్టి, చెప్పిన విషయం ఒక్కటే చూడండి" అని ముందే చెప్పి అడిగితే ఆ తేడా తగ్గిపోయింది.

దీన్ని మనం ఇంట్లో కూర్చుని చేసి చూడొచ్చు. "నిదానమే ప్రధానం" అనండి. రోడ్డు పక్క బోర్డు మీద కనబడినా, తాతయ్య నోట విన్నా తిరుగులేని సత్యంలా ఉంటుంది. ఇప్పుడు "మెల్లగా చేయడమే ముఖ్యం" అనండి. వెంటనే మనసు అడ్డం తిరుగుతుంది: "అన్ని పనులకీనా? పరీక్షలో మెల్లగా రాస్తే టైమ్ అయిపోదూ?" ప్రశ్న ఇప్పుడొచ్చింది, ఇందాక రాలేదు. ఆ ప్రాసే దాన్ని రానివ్వలేదు. "ఆలస్యం అమృతం విషం" అని దీనికి ఎదురుమాట కూడా మన దగ్గరే ఉంది, అది కూడా అంతే గట్టిగా నిజం అనిపిస్తుంది. రెండూ ఒకే రోజు ఒకే తాతయ్య చెప్పినా మనం తలూపుతాం.

ప్రాస అంటే మోసం అని కాదు. పార్టీల గొడవ పక్కన పెట్టి వినండి: 1980ల మొదట్లో ఎన్టీఆర్ ప్రచారంతో ఊరూరా తిరిగిన మాటలు మూడున్నాయి, కూడు, గూడు, గుడ్డ. ఎంత ప్రాస! కానీ మూడింట్లో ప్రతి మాటా చేత్తో ముట్టుకోగలిగే వస్తువు. ప్రాస తీసేసి "అన్నం, ఇల్లు, బట్టలు" అన్నా అదే మాట మిగులుతుంది. పైగా దాన్ని నిలదీయొచ్చు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మొదటి మాటకి ధర కూడా తెలిసింది. ఇల్లు వచ్చిందా లేదా అని ఎవరైనా అడగొచ్చు. ప్రాస ఇక్కడ ప్రశ్నని ఆపలేదు, ఏ మూడు ప్రశ్నలు అడగాలో గుర్తుపెట్టుకోవడానికి సాయం చేసింది.

మళ్లీ గుడివాడకి

ఆ శనివారం నేను ఊరెళ్లాను. అమ్మ దగ్గర పులుసు తిని, ఆదివారం పొద్దున్నే గుడివాడ బస్సెక్కాను. మా వాడు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నేను సారీ చెప్పాను. "ఆ ఇమేజ్ చదవకుండానే పంపాన్రా" అన్నాను. వాడు మాట్లాడలేదు.

"ఎన్ని వచ్చాయి?" అని అడిగాను. నాలుగు రోజుల్లో ఆ ప్రశ్న వాడిని ఎవరూ అడగలేదంట. అందరూ "పోయిందా?" అన్నారు, "ఏం పర్లేదు" అన్నారు, నాలాంటివాళ్లు ఇమేజ్‌లు పంపారు.

"పంతొమ్మిది."

పోయింది మ్యాథ్స్ 2బి. అప్పటి పేపర్ 75 మార్కులకి, గట్టెక్కాలంటే 26 రావాలి. అంటే ఏడు తక్కువ. ఆ పేపర్లో ఒక్కో లాంగ్ ఆన్సర్‌కి ఏడు మార్కులు.

"ఒరేయ్, ఒక్క లాంగ్ ఆన్సర్ దూరంలో ఆగిపోయావ్" అన్నాను.

వాడు ఇటు తిరిగాడు.

పేపర్ తీసి చూశాం. సర్కిల్స్ చాప్టర్ నుంచి రెండు లాంగ్‌లు వచ్చేవి. వాడు మూడుసార్లూ దాన్ని వదిలేశాడు, మొదట్లో ఒక లెక్చరర్ కష్టం అన్నాడని. ఇంటిగ్రేషన్ మీద పడి మూడుసార్లు అక్కడే మునిగాడు. సప్లిమెంటరీకి నెల రోజుల టైముంది. సర్కిల్స్ ఒక్కటి పట్టుకుని, రోజుకి రెండు లెక్కలు చేసి ఫొటో తీసి నాకు పంపమన్నాను. రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక చూసి తప్పులు చెప్తానన్నాను. ఇందులో ప్రాస లేదు, శ్లేష లేదు. "ఏడు మార్కులు, ఒక చాప్టర్, రోజుకి రెండు లెక్కలు." స్టేటస్‌లో పెడితే ఒక్క లైక్ కూడా రాదు. కానీ ప్రపంచంలో వాడొక్కడికి తప్ప ఇంకెవరికీ సరిపోని వాక్యం అది. నేను పంపిన ఇమేజ్ అందరికీ సరిపోతుంది, అందుకే వాడికి సరిపోలేదు.

పది రోజులు ఫొటోలు వచ్చాయి. పదకొండో రోజు రాలేదు. నేనేమీ అనలేదు. పన్నెండో రోజు రాత్రి నాలుగు లెక్కల ఫొటో, కింద ఒక మెసేజ్.

"ఏడు మార్కులకి ఏడుస్తా కూర్చుంటే ఇంకో ఏడు పోద్ది అన్నయ్యా."

నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. అభంగ శ్లేష! ఏడు అంటే అంకె, ఏడు అంటే ఏడవడం, ఏడు అంటే సంవత్సరం. మాటని ఎక్కడా విరవలేదు. చెవికి వినపడుతుంది. మూడు అర్థాలూ నిజం: తక్కువైనవి ఏడే, ఏడ్చిందీ నిజమే, పోయేదీ సంవత్సరమే. మూడూ ఒకే వైపు తోస్తాయి, లెక్క చెయ్యమని. విప్పి మామూలుగా చెప్పినా మాట నిలబడుతుంది. నేను ఈ వ్యాసమంతా పెట్టిన పరీక్షలన్నీ వాడు రాత్రి పదకొండింటికి ఒక్క లైన్లో పాసైపోయాడు.

నిజం చెప్పాలంటే, ఆ ఆదివారం వాడి మంచం పక్కన కూర్చున్నప్పుడే ఈ శ్లేష నాకు తట్టింది. "ఏడు" అన్న క్షణంలోనే నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు అనేసి ఉంటే? మాట అదే, అర్థాలూ అవే. కానీ నాలుగు రోజులుగా ఏడుస్తున్నవాడి ముందు, ఏడుపు మీద నేను జోకేసినట్టుండేది. వాడి బాధలో నాకు మాటల ఆట కనిపించిందని వాడికి తెలిసిపోయేది. అదే మాట పన్నెండు రోజుల తర్వాత వాడి నోట్లోంచి వచ్చేసరికి ధైర్యం అయింది. దెబ్బ తగిలినవాడు దాని మీద తనే జోకేస్తే, నొప్పి తగ్గుతోందన్నమాట. పక్కవాడు వేస్తే నొప్పి వాడికి తెలియదన్నమాట.

సప్లిమెంటరీలో వాడికి 38 వచ్చాయి. సర్కిల్స్‌లో రెండు లాంగ్‌లూ రాశాడు. ఇప్పుడు డిగ్రీ అయిపోయి విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాడు.

మొన్న ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పుడు నేను గుడివాడలోనే ఉన్నాను. పక్కింటి అమ్మాయికి ఫిజిక్స్ పోయిందని తెలిసింది. పిన్ని గ్రూపులో అప్పటికే ఎవరో సూర్యోదయం బొమ్మ పెట్టారు. మా వాడు దాన్ని చూడనే లేదు. ఫోన్ చెవికి పెట్టుకుని వరండాలోకి వెళ్తూ అడిగాడు.

"అమ్మా, ఎన్ని తక్కువొచ్చాయి?"